‘కారణాలు, ఫలితాలు’ అని అడిగితే ఏం రాయాలి? ఆంధ్ర రాష్ట్ర అవతరణ ప్రశ్నతో ఒక పరిశీలన

నెల్లూరులోనో కావలిలోనో చరిత్ర చదివే విద్యార్థిని ఆంధ్ర రాష్ట్ర అవతరణ గురించి అడిగితే, సమాధానంలో సగం పొట్టి శ్రీరాములు నిరాహారదీక్షకే పోతుంది. ఒంగోలు విద్యార్థుల పేపర్లలో అదే ప్రశ్నకు టంగుటూరి ప్రకాశం పంతులు పేజీకి పైగా కనిపిస్తారు. మన జిల్లాలకు ఎవరి పేరు పెట్టుకున్నామో వారి మీద మనకు మమకారం ఉంటుంది, ఉండాలి కూడా. అయితే ప్రశ్న అడిగింది ‘అవతరణకు దారితీసిన కారణాలను, దాని ఫలితాలను వివరించండి’ అని. శ్రీరాములు గురించి రెండు పేజీలు ఎంత బాగా రాసినా, ఆ ప్రశ్నకు సమాధానం ఇంకా మొదలుకానట్టే.

ఇలాంటి ప్రశ్నకు విషయం తెలిసిన విద్యార్థులే ఎక్కువగా మార్కులు పోగొట్టుకోవడం నేను చూస్తుంటాను. వారికి సంవత్సరాలు వచ్చు, కమిటీల పేర్లు వచ్చు, ఎవరు ఎక్కడ అధ్యక్షత వహించారో కూడా వచ్చు. అయితే వాటిలో ఏది కారణం, ఏది అడ్డంకి, ఏది ఆఖరి నిప్పురవ్వ అని విడదీయరు. గైడులో ఉన్న వరుసలోనే అన్నీ దించేస్తారు. పాత ప్రశ్నపత్రాలను సరిగా వాడుకుంటే ఈ విడదీయడం పరీక్షకు ముందే అలవాటవుతుంది.

పాత ప్రశ్నపత్రాలను చాలామంది ఈసారి ఏ ప్రశ్న వస్తుందో ఊహించడానికి తిరగేస్తారు. దానికంటే వాటివల్ల పెద్ద ఉపయోగం మరొకటి ఉంది. ఒకే అంశాన్ని ఎన్ని రకాలుగా అడిగారో ఒకచోట రాసుకుని చూడండి. ఆంధ్ర రాష్ట్రం విషయంలో ప్రశ్నలు సాధారణంగా మూడు నాలుగు రూపాల్లో తిరుగుతుంటాయి. మొదటిది, అవతరణకు కారణాలు, ఫలితాలు వివరించమనడం. రెండవది, రాష్ట్ర సాధనలో పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ పాత్రను అంచనా వేయమనడం. మూడవది, కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికకు దారితీసిన పరిస్థితులు, దాని ప్రాముఖ్యం అడగడం. ఆంధ్రోద్యమ దశలను వివరించమనడం నాలుగవది. నాలుగింటికీ కావలసిన సమాచారం దాదాపు ఒకటే. మారేది ఆ సమాచారంలో ఒక్కో సంఘటన పోషించే పాత్ర. శ్రీబాగ్ ఒడంబడిక మూడవ ప్రశ్నలో అసలు విషయం, నాలుగవ ప్రశ్నలో ఒక దశ, రెండవ ప్రశ్నలో ఒక్క వాక్యానికి మించి అక్కర లేదు. మొదటి ప్రశ్నలో దాని స్థానం ఏమిటన్నదే కొంచెం చిక్కు. దాని దగ్గరకు తర్వాత వస్తాను.

ఒక తెల్ల కాగితం తీసుకుని ఈ అంశంలో మీకు తెలిసిన సంఘటనలను పొట్టి మాటల్లో రాయండి. 1913 బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభ, 1917లో కాంగ్రెస్ ఆంధ్రకు ప్రత్యేక శాఖను ఒప్పుకోవడం, 1937 శ్రీబాగ్ ఒడంబడిక, 1948లో భాషా రాష్ట్రాల ప్రశ్నను పరిశీలించిన ధర్ కమిషన్, 1949 జె.వి.పి. కమిటీ నివేదిక, 1951లో స్వామి సీతారాం దీక్ష, 1952 ఎన్నికలు, అదే ఏడాది అక్టోబరు 19న మొదలై డిసెంబరు 15న మరణంతో ముగిసిన శ్రీరాములు దీక్ష, డిసెంబరు 19న నెహ్రూ ప్రకటన, 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం. పది పన్నెండు అంశాలు చాలు. ఇప్పుడు ప్రతి దాని పక్కన ఒక ప్రశ్న వేసుకోండి: ఇది జరగకపోయి ఉంటే రాష్ట్రం కోరిక పుట్టేదా? పుట్టేది కాదు అనిపిస్తే అది మూలకారణం. కోరిక పుట్టేదే గాని ఇంత ఊపు వచ్చేది కాదు అనిపిస్తే అది ఉద్యమాన్ని బలపరిచిన పరిస్థితి. కోరిక, ఊపు రెండూ ఉండేవి గాని ఆ రోజున ఆ నిర్ణయం వెలువడేది కాదు అనిపిస్తే అది తక్షణ కారణం.

ఈ పరీక్షకు నిలబెట్టి చూస్తే శ్రీరాములు ఆత్మార్పణ తక్షణ కారణం అవుతుంది. ఇలా అనడం ఆయన త్యాగాన్ని తక్కువ చేయడం కాదు. ఆయన దీక్ష మొదలుపెట్టేనాటికి ప్రత్యేక రాష్ట్రం కోరికకు దాదాపు నలభై ఏళ్ల వయసు ఉంది. ఆ కోరిక ఎందుకు పుట్టిందో చెప్పకుండా దీక్షతో మొదలుపెడితే, ఒక మనిషి ఎందుకు ప్రాణం ఇచ్చాడో కూడా చదివేవారికి అర్థం కాదు.

ఇంకో చిక్కు మద్రాసు నగరం. దాన్ని చాలామంది కారణాల్లో కలిపేస్తారు. ‘మద్రాసు తమిళులదా, ఆంధ్రులదా అన్న వివాదం ఆంధ్ర రాష్ట్ర అవతరణకు ఒక కారణం’ అన్న వాక్యం నాకు తరచుగా ఎదురవుతుంది. నిజానికి ఆ వివాదం అవతరణకు అడ్డుపడింది. 1949లో జవహర్‌లాల్ నెహ్రూ, వల్లభాయ్ పటేల్, పట్టాభి సీతారామయ్యల జె.వి.పి. కమిటీ, మద్రాసు మీద హక్కు వదులుకుంటే ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటును పరిశీలించవచ్చు అన్నట్టుగానే చెప్పింది. ఆ తర్వాత వేసిన విభజన సంఘంలో మద్రాసు విషయంలో రాజీపడలేక ప్రకాశం పంతులు విడిగా అసమ్మతి తెలిపారు. పని అక్కడ ఆగిపోయింది. ఈ మాట రాయడానికి మన ప్రాంత విద్యార్థులు జంకుతారు, పంతులుగారిని తప్పుపట్టినట్టు అవుతుందేమోనని. తప్పుపట్టనక్కర లేదు. ‘మద్రాసు ప్రశ్న మీద ఆంధ్ర నాయకుల్లో ఏకాభిప్రాయం లేకపోవడం ఆలస్యానికి ఒక కారణం’ అని నిబ్బరంగా రాస్తే చాలు. అవతరణకు కారణాలు వేరు, అవతరణ ఆలస్యం కావడానికి కారణాలు వేరు. ఈ రెండింటినీ విడదీసిన సమాధానం దిద్దేవారి కంట్లో వెంటనే పడుతుంది.

ఇప్పుడు కారణాల పేరా ఎలా ఉండాలో చూద్దాం. విద్యార్థులు మామూలుగా రాసేది ఇలా ఉంటుంది:

‘1913లో బాపట్లలో ఆంధ్ర మహాసభ జరిగింది. 1917లో కాంగ్రెస్ ఆంధ్రకు ప్రత్యేక శాఖను అంగీకరించింది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1937లో శ్రీబాగ్ ఒడంబడిక జరిగింది. 1949లో జె.వి.పి. కమిటీ నివేదిక ఇచ్చింది.’

ఇందులో తప్పు వాక్యం ఒక్కటీ లేదు. అయితే ప్రతి వాక్యం సంవత్సరంతో మొదలైంది. సంవత్సరంతో మొదలయ్యే వాక్యాలు వరుసగా వస్తున్నాయంటే మీరు కథ చెబుతున్నారు, కారణం చెప్పడం లేదు. అదే సమాచారంతో ఇలా రాయవచ్చు:

‘ఉద్యోగాల్లోను, ఉన్నత విద్యలోను మద్రాసు రాష్ట్రంలో ఆంధ్రులు వెనుకబడిపోతున్నారన్న అసంతృప్తి చదువుకున్నవారిలో బలపడడం ఈ ఉద్యమానికి మూలం. అది 1913లో బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభగా రూపం దాల్చింది. భాష ప్రాతిపదికన విడి పాలన సాధ్యమేనన్న నమ్మకానికి 1917లో కాంగ్రెస్ స్వయంగా చోటిచ్చింది. తన పార్టీ నిర్మాణంలో ఆంధ్రకు ప్రత్యేక శాఖను ఒప్పుకున్న కాంగ్రెస్, స్వాతంత్ర్యం వచ్చి అధికారంలోకి వచ్చాక అదే సూత్రాన్ని వాయిదా వేయడంతో అసంతృప్తి నిరాశగా మారింది.’

రెండవ పేరాలో తేదీలు తగ్గాయి, అర్థం పెరిగింది. మొదటి వాక్యం కారణం చెబుతుంది, రెండవది దానికి రుజువు చూపుతుంది, తర్వాతి వాక్యాలు ఒక కారణం మరో కారణంగా ఎలా ముదిరిందో చెబుతాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇందులో లేదు. ఆ స్థాపన ఉద్యమం సాధించిన ఒక విజయం అని చెప్పగలిగితే రాయవచ్చు. ఊరికే జాబితా నింపడానికైతే వద్దు. తెలిసిన విషయాన్ని వదిలేయడం విద్యార్థికి చాలా కష్టమైన పని. కానీ నలభై పంక్తుల్లో చెప్పాలంటే కొన్ని వదలక తప్పదు.

ఇక శ్రీబాగ్ ఒడంబడిక. మొదటి ప్రశ్నలో దాని స్థానం కొంచెం చిక్కు అని అన్నాను. ఆంధ్ర రాష్ట్రం వస్తే కోస్తా జిల్లాలే ముందుకు పోతాయని, తాము మళ్లీ వెనుకబడతామని రాయలసీమ నాయకులు భయపడ్డారు. ఆ భయం తీర్చడానికి 1937 నవంబరులో మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఇల్లు శ్రీబాగ్‌లో ఒప్పందం కుదిరింది. నీటి పారుదలలో సీమకు ప్రాధాన్యం, సీమలో విశ్వవిద్యాలయ కేంద్రం; రాజధాని, హైకోర్టు రెండింటిలో ఒకటి కోస్తాలో మరొకటి సీమలో ఉండడం, ఏది కావాలో ఎంచుకునే అవకాశం సీమకే ఇవ్వడం అందులోని ముఖ్య విషయాలు. ఈ ఒప్పందం లేకపోతే కోరిక పుట్టేది కాదా? పుట్టేది, అప్పటికే పుట్టింది. మరి దీని పని ఏమిటి? రెండు ప్రాంతాలను ఒకే కోరిక వెనుక నిలబెట్టడం. అంటే ఇది ఉద్యమాన్ని బలపరిచిన పరిస్థితి. దీనికి రెండో పని కూడా ఉంది, అదే ఫలితాల భాగానికి తాళంచెవి. 1953లో రాజధాని కర్నూలుకు ఎందుకు వెళ్లింది, 1954లో హైకోర్టు గుంటూరులో ఎందుకు వెలిసింది అన్న ప్రశ్నలకు జవాబు పదహారేళ్ల ముందే ఈ ఒప్పందంలో ఉంది. మద్రాసు దక్కకపోవడంతో రాజధాని కొత్తగా వెతుక్కోవలసి వచ్చింది. శ్రీబాగ్ మాట ఉండడంతో అది సీమకు వెళ్లింది.

‘కారణాలు, ఫలితాలు’ ప్రశ్నను రెండు వేర్వేరు చిన్న ప్రశ్నలుగా చూసేవారు కారణాలు అయిపోగానే ఒక గీత గీసి ఫలితాలు మొదలుపెడతారు. ఆ గీత దగ్గరే సమాధానం రెండు ముక్కలవుతుంది. ఫలితాలు రాసేటప్పుడు ప్రతి ఫలితాన్నీ పైన చెప్పిన ఏదో ఒక కారణంతో ముడిపెట్టండి. కర్నూలు రాజధానికి శ్రీబాగ్‌తో ముడి. మద్రాసు లేని రాష్ట్రానికి 1949 నివేదికతో ముడి. ముడిపెట్టడానికి పైన కారణం కనబడకపోతే, ఆ కారణాన్ని మీరు రాయడం మరిచారన్నమాట; లేదా ఆ ఫలితం ఈ ప్రశ్నకు చెందినది కాదు.

ఈ రెండో సంగతి ముఖ్యం. ఫలితాలకు ఎక్కడ ఆగాలో తెలియక చాలామంది 1969, 1972 ఉద్యమాల మీదుగా 2014 దాకా వెళ్లిపోతారు. అన్నీ ఏదో రకంగా సంబంధం ఉన్నవే. కానీ గొలుసులో ముందుకు పోయే కొద్దీ కొత్త కారణాలు వచ్చి చేరుతుంటాయి. కొత్త కారణం పాత కారణం కంటే బలంగా కనిపించిన చోట ఆగిపోవాలి. 1956 నవంబరు 1న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ దాకా వెళ్లడం సమంజసమే, అది కూడా జాగ్రత్తగా. విశాలాంధ్ర కోరికకు, హైదరాబాదు రాష్ట్ర పరిస్థితులకు సొంత చరిత్ర ఉంది. కాబట్టి ‘ఆంధ్ర రాష్ట్రం వల్లే ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది’ అనడం కంటే ‘ఆంధ్ర రాష్ట్రం ఏర్పడడంతో విశాలాంధ్ర కోరికకు ఒక పునాది దొరికింది’ అనడం నిజానికి దగ్గర.

క్రియాపదాల బరువు ఫలితాల భాగంలోనే బయటపడుతుంది. 1953 డిసెంబరులో కేంద్రం రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘాన్ని నియమించింది. దాన్ని ఆంధ్ర రాష్ట్రం ‘పుట్టించింది’ అని రాస్తే అతిశయోక్తి. కన్నడ, మరాఠీ, మలయాళ ప్రాంతాల్లో ఇలాంటి కోరికలు అంతకుముందే ఉన్నాయి. ‘ఇక వాయిదా వేయడం సాధ్యం కాని స్థితికి తెచ్చింది’ అంటే సరిపోతుంది. ‘దారితీసింది’, ‘తోడ్పడింది’, ‘వేగం పెంచింది’, ‘తప్పనిసరి చేసింది’ అనే నాలుగింటి మధ్య తేడా గమనించి వాడిన విద్యార్థి విశ్లేషణ అనే మాట ఎక్కడా వాడకుండానే విశ్లేషణ చేసినట్టు.

రెండవ రూపం ప్రశ్నను ఒకసారి చూద్దాం. అది మన నెల్లూరువారికి అతి దగ్గరది, అందుకే అతి కష్టమైనది కూడా: ‘రాష్ట్ర సాధనలో పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ పాత్రను అంచనా వేయండి.’ ‘అంచనా వేయండి’ అన్నప్పుడు ఎంత అని తేల్చాలి. ఆయన జీవిత చరిత్ర, ఉప్పు సత్యాగ్రహం, నెల్లూరు మూలాపేటలో హరిజన ఆలయ ప్రవేశం కోసం చేసిన దీక్ష వంటివన్నీ కలిపి ఒక వాక్యానికి మించకూడదు. ఆయన ఎలాంటి పట్టుదల మనిషో చెప్పడానికి ఆ ఒక్క వాక్యం సరిపోతుంది.

అసలు సమాధానం ఒక పోలికలో ఉంది. 1951లో స్వామి సీతారాం కూడా ఇదే కోరికతో దీక్ష చేశారు. అది నెల దాటి సాగింది. చివరకు వినోబా భావే విజ్ఞప్తితో ఆగింది. రాష్ట్రం రాలేదు. ఏడాది తర్వాత శ్రీరాములు దీక్ష రాష్ట్రాన్ని తెచ్చింది. రెండూ నిరాహారదీక్షలే, కోరిక ఒకటే. ఈ మధ్యలో మారిందేమిటి? 1952 ఎన్నికల్లో ఆంధ్ర జిల్లాల్లో కాంగ్రెస్ గట్టిగా దెబ్బతింది, కమ్యూనిస్టులు బలంగా ముందుకొచ్చారు. అంటే ప్రజల అసంతృప్తిని ఢిల్లీ ఓట్ల లెక్కలో చూసింది. రెండవది, ఈసారి దీక్ష మరణంతో ముగిసింది. 58 రోజుల పాటు కేంద్రం తాత్సారం చేసిందన్న కోపం నెల్లూరు మొదలు విశాఖ దాకా వీధుల్లోకి వచ్చింది; రైల్వే స్టేషన్ల మీద దాడులు, పోలీసు కాల్పులు జరిగాయి. మరణం తర్వాత నాలుగు రోజులకు నెహ్రూ ప్రకటన వచ్చింది. ఈ పోలిక రాసినవారు ఆత్మార్పణ పాత్రను కచ్చితంగా చెప్పగలరు: కోరికకు మూలం అది కాదు, నిర్ణయానికి ముహూర్తం అది పెట్టింది. ఆ నిర్ణయం మద్రాసు లేకుండా జరగడం మరో ముఖ్య విషయం. శ్రీరాములు దీక్ష చేసింది మద్రాసుతో కూడిన రాష్ట్రం కోసం. ఆయన ప్రాణత్యాగం రాష్ట్రాన్ని తెచ్చింది గాని, మద్రాసు ప్రశ్నను మార్చలేకపోయింది. పాత్రను అంచనా వేయడమంటే ఈ హద్దును కూడా చెప్పడం.

పరీక్ష హాల్లో ఇదంతా చేయడానికి సమయం ఉంటుందా అని అడుగుతారు. మూడు గంటల్లో వంద మార్కుల పేపరు అనుకుంటే పది మార్కుల ప్రశ్నకు లెక్క ప్రకారం 18 నిమిషాలు. అందులో మొదటి మూడు నిమిషాలు కలం సమాధానం మీద పెట్టకండి. జవాబుపత్రం చివరి పేజీలో రఫ్ వర్క్ అని రాసి, మూలకారణాలు రెండు, బలపరిచిన పరిస్థితులు రెండు, అడ్డంకి ఒకటి, తక్షణ కారణం ఒకటి, ఫలితాలు మూడు అని పొట్టి మాటల్లో వేసుకుని, ఫలితాల నుంచి కారణాలకు గీతలు గీయండి. తర్వాత దాన్ని అడ్డంగా కొట్టేయండి. నలభై పంక్తుల సమాధానమైతే ప్రవేశానికి నాలుగు, మూలకారణాలకు, పరిస్థితులకు కలిపి పదిహేను, అడ్డంకికి నాలుగు, తక్షణ కారణానికి ఐదు, ఫలితాలకు పది, ముగింపుకు రెండు పంక్తులు వస్తాయి. పంక్తుల సంఖ్య అటూ ఇటూ కావచ్చు. ఫలితాలకు పది పంక్తులు మిగలకపోతే మాత్రం కారణాల్లో ఎక్కడో కథ మొదలైందని గుర్తు. ప్రశ్నలో సగం ఫలితాలే అయినా చాలా పేపర్లలో అవి చివరి నాలుగు పంక్తుల్లో ఇరుక్కుని ఉంటాయి.

ప్రవేశం గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. ‘తెలుగువారికి ఘనమైన చరిత్ర ఉంది’ వంటి మాటలు ఏ ప్రశ్నకైనా అతుకుతాయి కాబట్టి ఈ ప్రశ్నకు పనికిరావు. ఎప్పుడు, ఏది, ఎంత భాగం విడిపోయి ఏర్పడిందో ఒక వాక్యంలో, మీ వాదన ఏమిటో మరో వాక్యంలో చెప్పి ముందుకు సాగండి. రాసిన తర్వాత ఒక్క నిమిషం మిగిలితే ప్రతి పేరాలో మొదటి వాక్యం మాత్రమే చదవండి. ఆ వాక్యాలు వరుసగా చదివితే ప్రశ్నకు చిన్న సమాధానం దొరకాలి. దొరకకపోతే ఆ ఒక్క నిమిషంలో దిద్దగలిగేది ఆ మొదటి వాక్యాలనే, వాటినే దిద్దండి.

ముగింపులో కొత్త విషయం పెట్టకండి, కానీ పైన చెప్పిందే తిరిగి చెప్పకండి. కారణాల్లో ఏది ఎక్కువ బరువైనదో, ఫలితాల్లో ఏది ఎక్కువ దూరం వెళ్లిందో తేల్చండి. మొదటి ప్రశ్నకైతే నేను ఇలా ముగిస్తాను: ‘ఉద్యోగ, విద్యా రంగాల్లో మొదలైన అసంతృప్తికి కాంగ్రెస్ స్వయంగా ఒప్పుకున్న భాషా సూత్రం తోడై ఈ రాష్ట్రానికి పునాది వేయగా, పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ వాయిదాకు తెరదించింది. మద్రాసు దక్కని లోటు కొత్త రాష్ట్రాన్ని మొదటి రోజు నుంచే రాజధాని ప్రశ్నతో నిలబెట్టింది. దేశానికి మాత్రం ఈ రాష్ట్ర అవతరణ భాషా రాష్ట్రాల ప్రశ్నను ఇక దాటవేయలేనిదిగా చేసింది.’